‘డిఫరెంట్’ తర్వాత ఏది? ‘ఫ్రమ్’, ‘టు’, ‘దేన్’ విశేషాలు

పోటీ పరీక్షల ఇంగ్లిష్ పేపర్లో ‘తప్పు కనుక్కోండి’ అనే ప్రశ్నలకు ‘డిఫరెంట్’ అనే మాట బాగా అక్కరకొస్తుంది. దాని తర్వాత ‘ఫ్రమ్’ ఉంటే ఒప్పు, ‘దేన్’ ఉంటే తప్పు అని గైడు పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఇంగ్లండులో జనం ‘డిఫరెంట్ టు’ అంటారు, అమెరికాలో ‘డిఫరెంట్ దేన్’ అంటారు. మరి వాళ్లకు ఇంగ్లిష్ రాదనుకోవాలా? ఈ ఒక్క మాట వెనక ఉన్న సంగతులు చూస్తే ప్రిపోజిషన్ల తీరే అర్థమవుతుంది.

మూడూ పాతవే

‘డిఫరెంట్ దేన్’ ఈ మధ్య అమెరికా వాళ్లు పుట్టించిన తప్పు అని చాలామంది నమ్మకం. నిజానికి ‘టు’, ‘ఫ్రమ్’ రెండూ 16వ శతాబ్దం నుంచీ, ‘దేన్’ 17వ శతాబ్దం నుంచీ వాడుకలో ఉన్నాయి. షేక్స్పియర్ ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ నాటకంలో ‘ఫ్రమ్’ వాడాడు. ‘దేన్’ వాడినవాళ్ల జాబితాను ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు పాత కూర్పులోనే ఇచ్చింది. అందులో అడిసన్, డెఫో, గోల్డ్‌స్మిత్, కోల్‌రిడ్జ్, థాకరే పేర్లున్నాయి. వీళ్లంతా ఇంగ్లిష్ సాహిత్యంలో ఉద్దండులు, ఒక్కరూ అమెరికన్ కారు.

ఇవాళ్టి వాడుక మాటకొస్తే, రెండు దేశాల్లోనూ రాతలో ‘ఫ్రమ్’దే పైచేయి. బ్రిటన్‌లో మాట్లాడేటప్పుడు ‘టు’ ధారాళంగా వస్తుంది. అమెరికాలో దాని చోటు ‘దేన్’ది.

‘డిఫర్ ఫ్రమ్’ అంటాం కాబట్టి...

‘ఫ్రమ్’ ఒక్కటే సరైనదనే వాళ్ల వాదన ఇలా సాగుతుంది. ‘డిఫర్’ అనే క్రియ తర్వాత ‘ఫ్రమ్’ వస్తుంది, దాని నుంచి పుట్టిన ‘డిఫరెంట్’ తర్వాత కూడా అదే రావాలి. పైగా లాటిన్ మూలంలోని ‘డిస్’ అనే ఉపసర్గకు విడిపోవడం అని అర్థం. విడిపోయేది దేని ‘నుంచో’ కదా, అందుకే ‘ఫ్రమ్’ అంటారు.

వినడానికి బాగానే ఉంది. ఇదే లెక్కను పక్కనున్న మాటలకు వేస్తే మాత్రం నిలవదు. ‘అకార్డ్’ అనే క్రియ తర్వాత ‘విత్’ వస్తుంది, దాని నుంచి వచ్చిన ‘అకార్డింగ్’ తర్వాత మాత్రం ‘టు’ అంటాం. ‘ప్రైడ్ వన్‌సెల్ఫ్’ తర్వాత ‘ఆన్’, ‘ప్రౌడ్’ తర్వాత ‘ఆఫ్’. తల్లి మాటకున్న ప్రిపోజిషన్ పిల్ల మాటకు వారసత్వంగా వచ్చి తీరాలన్న నియమం ఇంగ్లిష్‌లో లేదు. వాడుక విషయంలో బ్రిటిష్ వాళ్లు పెద్దదిక్కుగా భావించే హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ 1926లో వచ్చిన తన ‘మోడరన్ ఇంగ్లిష్ యూసేజ్’ నిఘంటువులో, ‘డిఫరెంట్’ తర్వాత ‘టు’ రాకూడదనడం వట్టి మూఢనమ్మకమని తీర్పు చెప్పాడు.

జాన్సన్ తప్పన్నదే ఇవాళ ఒప్పు

లాటిన్ వాదన ఎలా ఓడిపోతుందో ‘అవర్స్’ అనే మాట చూపిస్తుంది. ఏదైనా పనికి ఇష్టపడకపోవడాన్ని చెప్పే విశేషణమిది. లాటిన్‌లో దీని అర్థం ‘దాని నుంచి మొహం తిప్పుకున్న’ అని. అందుకే శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో దీని తర్వాత ‘ఫ్రమ్’ రావడమే సరైనదని, ‘టు’ ఎంత ఎక్కువగా వినిపించినా సరికాదని రాశాడు. జనం ఆయన మాట వినలేదు. ఈ రోజు ‘అవర్స్ టు’ అన్నదే మామూలు వాడుక. ‘అవర్స్ ఫ్రమ్’ అని రాస్తే చదివేవాళ్లకు అదే ఎబ్బెట్టుగా తోస్తుంది.

‘దేన్’కు వ్యాకరణంలోనే కారణముంది

‘బెటర్’, ‘టాలర్’ లాంటి పోలిక రూపాల తర్వాతే ‘దేన్’ రావాలి, ‘డిఫరెంట్’ పోలిక రూపం కాదు కదా అన్నది రెండో అభ్యంతరం. రూపంలో కాకపోవచ్చు, నడవడిలో మాత్రం అది సగం పోలిక పదమే. ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ‘నో టాల్’ అనలేం, ‘నో టాలర్’ అనగలం. ‘ఎనీ గుడ్’ అన్నప్పుడు ‘గుడ్’ వేరే అర్థంలోకి జారుతుంది, ‘ఎనీ బెటర్’ అంటే పోలిక వస్తుంది. అంటే పోలికలో ‘నో’, ‘ఎనీ’ మామూలు విశేషణం ముందు కుదరవు, పోలిక రూపం ముందు కుదురుతాయి. మరి ‘డిఫరెంట్’? ‘నో డిఫరెంట్’, ‘ఎనీ డిఫరెంట్’ రెండూ చక్కగా కుదురుతాయి. దీనికి అర్థంలో దగ్గరి చుట్టమైన ‘అదర్’ తర్వాత ‘దేన్’ ఎలాగూ ఉంది. ఆ దారిలోనే ‘డిఫరెంట్’ పక్కకూ అది వచ్చి చేరింది.

వాక్యం పొడవైతే ‘ఫ్రమ్’కు ఇబ్బంది

వెనక వచ్చేది ఒక్క నామవాచకమైతే ‘ఫ్రమ్’ హాయిగా సరిపోతుంది: ‘మై బుక్ ఈజ్ డిఫరెంట్ ఫ్రమ్ యువర్స్.’ వెనక వచ్చేది కర్తా క్రియా ఉన్న చిన్న వాక్యమైతే చిక్కు మొదలవుతుంది. హైదరాబాద్ 1990లో ఉన్నట్టు ఇప్పుడు లేదని చెప్పాలనుకుందాం. ‘హైదరాబాద్ ఈజ్ డిఫరెంట్ ఫ్రమ్ ఇట్ వాజ్ ఇన్ 1990’ అంటే వాక్యం విరిగిపోతుంది. ఎందుకంటే ‘ఫ్రమ్’ ప్రిపోజిషన్, దాని వెనక నామవాచకమో దానితో సమానమైనదో ఉండాలి. కాబట్టి మధ్యలో ‘వాట్’ ఇరికించి ‘డిఫరెంట్ ఫ్రమ్ వాట్ ఇట్ వాజ్ ఇన్ 1990’ అనాలి. ‘దేన్’ వాక్యాన్ని కూడా మోయగలదు, కాబట్టి ‘డిఫరెంట్ దేన్ ఇట్ వాజ్ ఇన్ 1990’ అంటే చాలు. ఇంకా కుదించి ‘డిఫరెంట్ దేన్ ఇన్ 1990’ అనీ అనొచ్చు.

‘డిఫరెంట్‌లీ’ దగ్గర ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనం అనుకున్నట్టు కాకుండా మీటింగు వేరేలా జరిగిందని చెప్పడానికి ‘డిఫరెంట్‌లీ దేన్ వుయ్ ప్లాన్డ్’ అంటే సరిపోతుంది. అక్కడ ‘ఫ్రమ్’ పెట్టాలంటే ‘ఫ్రమ్ ది వే వుయ్ హ్యాడ్ ప్లాన్డ్ ఇట్’ అని చుట్టూ తిరిగి రావాలి. ‘దేన్’ను మామూలుగా ఒప్పుకోని సంపాదకులు కూడా ఇలాంటి చోట దాన్ని వదిలేస్తుంటారు.

రెండూ ఒకే వాక్యంలో

‘ఫ్రమ్’, ‘దేన్’ కలిసి రావాల్సిన చోటు కూడా ఒకటుంది. తెలుగుకు కన్నడమెంత భిన్నమో హిందీ అంతకంటే ఎక్కువ భిన్నం. దీన్ని ఇంగ్లిష్‌లో ‘హిందీ ఈజ్ మోర్ డిఫరెంట్ ఫ్రమ్ తెలుగు దేన్ కన్నడ ఈజ్’ అంటారు. ఇక్కడ ‘ఫ్రమ్’ ‘డిఫరెంట్’కు చెందినది, ‘దేన్’ ‘మోర్’కు చెందినది. ‘మోర్’ తీసేస్తే ఆ ‘దేన్’కు పని ఉండదు. పరీక్షలో ఇలాంటి వాక్యం వస్తే ‘దేన్’ కనబడగానే తప్పని గుర్తు పెట్టేయకండి, ముందు ‘మోర్’ ఉందేమో చూడండి.

సీనియర్‌కు మాత్రం ‘దేన్’ కుదరదు

‘ఆయన నాకంటే సీనియర్’ అన్నది తెలుగులో పక్కా వాక్యం. అదే అచ్చుతో ఇంగ్లిష్‌లో ‘సీనియర్ దేన్ మీ’ అంటాం, అది తప్పు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్, ప్రయర్ ఇవన్నీ ‘టు’నే అడుగుతాయి. ఇవి లాటిన్ నుంచి వచ్చాయి కాబట్టి ‘టు’ అని కారణం చెబుతారు. తమాషా ఏమిటంటే, లాటిన్‌లో ఇవి అసలైన పోలిక రూపాలు. అక్కడ వీటి తర్వాత ‘దేన్’తో సమానమైన ‘క్వామ్’ అనే మాట నిక్షేపంగా వచ్చేది. ఇంగ్లిష్ ఈ ‘టు’ను లాటిన్ నుంచి తెచ్చుకోలేదు, సొంతంగా పెట్టుకుంది. పోలిక రూపాలకేమో ‘టు’, పోలిక రూపం కాని ‘డిఫరెంట్’కేమో ‘దేన్’! వ్యుత్పత్తిని చూసి ప్రిపోజిషన్ పెట్టబోతే ఇలాగే బోల్తా పడతాం.

ఏమీ లేకపోవడమూ నియమమే

కొన్ని క్రియలు ప్రిపోజిషన్‌ను అసలు ఒప్పుకోవు. మన ఆఫీసుల్లో తిరిగే ఇలాంటి మెయిల్ చూడండి: ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ది బడ్జెట్ అండ్ రిక్వెస్టెడ్ ఫర్ మోర్ టైమ్.’ ఇందులో ‘అబౌట్’, ‘ఫర్’ రెండూ అదనం. ‘డిస్కస్డ్ ది బడ్జెట్’, ‘రిక్వెస్టెడ్ మోర్ టైమ్’ అంటే చాలు. బడ్జెట్ ‘గురించి’ చర్చించామనే తెలుగు అలవాటు మొదటి తప్పుకు కొంత కారణం. ఇంగ్లిష్ నామవాచకాలు దానికి తోడయ్యాయి. ‘డిస్కషన్ అబౌట్’, ‘రిక్వెస్ట్ ఫర్’, ‘ఎంఫసిస్ ఆన్’ అన్నప్పుడు ప్రిపోజిషన్ ఉండాల్సిందే. అదే మాట క్రియగా మారగానే దాన్ని వదిలేయాలి: ‘డిస్కస్’, ‘రిక్వెస్ట్’, ‘ఎంఫసైజ్’ నేరుగా కర్మను పట్టుకుంటాయి. ప్రిపోజిషన్ ఉండాల్సిన చోట కూడా తెలుగు అలవాటు తప్పుదారి పట్టిస్తుంది, ‘మ్యారీడ్ విత్’ అలాంటిదే. పెళ్లి మనకు ఒకరి‘తో’ అవుతుంది, ఇంగ్లిష్‌లో ‘మ్యారీడ్ టు’.

సందేహం వస్తే చూసుకునే దారి

చదువుకునేవాళ్ల కోసం చేసిన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ నిఘంటువుల్లో మాట పక్కనే దానితో వచ్చే ప్రిపోజిషన్ కనిపిస్తుంది. అర్థం ఒక్కటే చూసి మూసేయకుండా ఆ ఉదాహరణ వాక్యాలు చదివితే పని తీరిపోతుంది. దేశాల మధ్య తేడా చూడాలంటే Google Books Ngram Viewer తెరిచి ఇలా కొట్టండి:

```
different from,different than,different to
```

కింద బ్రిటిష్ ఇంగ్లిష్, అమెరికన్ ఇంగ్లిష్ విడివిడిగా ఎంచుకుంటే గీతలు మారడం కనిపిస్తుంది. రెండు జాగ్రత్తలు. ఇది లెక్కించేది అచ్చయిన పుస్తకాలను, నోటిమాటను కాదు. పైగా ‘డిఫరెంట్ టు’ లెక్కలో ‘సమ్‌థింగ్ డిఫరెంట్ టు ఈట్’ లాంటివీ కలిసిపోతాయి, ఆ ‘టు’ వేరే రకం.

కాబట్టి ‘డిఫరెంట్ దేన్’ తప్పు కాదు, ‘డిస్కస్ అబౌట్’, ‘సీనియర్ దేన్’ తప్పులే. మొదటిదాన్ని ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న మంచి రచయితలు వందల ఏళ్లుగా రాస్తున్నారు, మిగతా రెంటినీ వాళ్లు రాయరు. పరీక్ష రాసేవాళ్లు మాత్రం నామవాచకం ముందు ‘ఫ్రమ్’, వాక్యం ముందు ‘ఫ్రమ్ వాట్’ పెట్టండి. ఏ దేశంలోనూ, ఏ పేపరు దిద్దేవాళ్లూ దానికి మార్కు కోయరు.