పాయల బొమ్మలో మీ మిర్చి డబ్బు ఎక్కడ ఆగింది?

సెల్‌ఫోన్లో వచ్చే లెక్కల బొమ్మల్లో ఒక రకం చూడ్డానికి కాలవ పాయల్లా ఉంటుంది. ఎడమ వైపు నుంచి డబ్బు వస్తుంది, నడుమ చీలుతుంది, కుడి వైపు చివరి పద్దుల్లో ఆగుతుంది. పాయ ఎంత లావుంటే డబ్బు అంత ఎక్కువని అర్థం. 1898లో శాంకీ అనే ఇంజనీరు ఆవిరి యంత్రంలో వేడి ఎటు పోతోందో చూపడానికి ఇలాంటిది గీశాడు. అందుకే దీనికి శాంకీ బొమ్మ అని పేరు.

మచ్చుకు వినుకొండ దగ్గర ఎకరంన్నర కౌలుకు తీసుకుని మిర్చి వేసిన రైతు లెక్క అనుకుందాం. 25 క్వింటాళ్లు అమ్మితే కమీషన్, హమాలీ పోను చేతికి 3 లక్షలు వచ్చింది. అంతకుముందు బయట నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడు. ఈ రెండు పాయలూ కలిసి ‘చేతికొచ్చిన డబ్బు’ అనే పద్దులో 4 లక్షలయ్యాయి. అక్కడి నుంచి సాగు ఖర్చుకు 2,40,000, అప్పు తీర్చడానికి 1,10,000, ఇంటికి 50,000 పోయాయి. సాగు ఖర్చు మళ్లీ చీలి కూలీలకు 1,08,000, ఎరువులు, మందులకు 84,000, కౌలుకు 48,000 అయింది. అప్పు పాయ అసలు లక్షగా, 5 నెలల వడ్డీ 10,000గా విడిపోయింది.

నడిమి పద్దును లెక్కలో వేయొద్దు

వాటా చెప్పేటప్పుడు డబ్బు ఆగిన చోట్లను మాత్రమే తీసుకోవాలి. పద్దుకు కుడి పక్క నుంచి మరో పాయ బయల్దేరితే అది నడిమి పద్దు. సాగు ఖర్చు అలాంటిదే. దాన్నీ, దానిలోని కూలీలనూ రెండింటినీ కలిపితే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

చివరి పద్దులు ఆరు. మొత్తం 4 లక్షల్లో కూలీలకు 27 శాతం, అసలుకు 25, ఎరువులు, మందులకు 21, ఇంటికి 12.5, కౌలుకు 12, వడ్డీకి 2.5. కూడితే సరిగ్గా 100 రావాలి. రాకపోతే స్క్రీన్‌షాట్ తీసినప్పుడు అంచున ఏదో తెగిపోయిందన్నమాట. కింద ఉన్న ‘ఇల్లు’ పాయ తెగితే కుడి వైపు 3,50,000 మాత్రమే తేలుతుంది. ఆ 50,000 ఏమైందో తేలకుండా శాతాలు కట్టకూడదు.

ఇదే బొమ్మ చూసి ‘కూలీలకే 45 శాతం పోయింది’ అనేవారూ ఉంటారు. అది సాగు ఖర్చులో వాటా. ‘దేంట్లో 45?’ అని అడక్కపోతే ఇద్దరు రైతులు ఒకే బొమ్మ మీద పోట్లాడుకోవాల్సి వస్తుంది.

అప్పును రెండు వైపులా తీసేయాలి

అసలు చిక్కు ఇక్కడుంది. లక్ష అప్పు ఎడమ నుంచి వచ్చి కుడి నుంచి పోయింది. అది రాబడీ కాదు, ఖర్చూ కాదు. దాన్ని రెండు పక్కలా తీసేస్తే మిగిలేది మిర్చి సొమ్ము 3 లక్షలు. అప్పుడు కూలీలు 36 శాతం, ఎరువులు, మందులు 28, కౌలు 16, వడ్డీ 3.3, ఇల్లు 16.7. అప్పుతో కలిపి చూస్తే కౌలు 12 శాతమే, తేలిగ్గా ఉన్నట్టు కనబడుతుంది. పంట సొమ్ముతో చూస్తే వందకు 16 రూపాయలు భూమి యజమానికి పోయాయి, రైతు ఇంటికీ దాదాపు అంతే చేరింది. వచ్చే ఏడు కౌలు మాట్లాడుకునేటప్పుడు పనికొచ్చేది ఈ రెండో లెక్కే.

‘అప్పు డబ్బంతా మందులకే పోయింది’ అని మాత్రం ఈ బొమ్మ చూసి చెప్పలేం. రెండు పాయలు ఒక కుండలో కలిశాక ఏ రూపాయి ఎటు పోయిందో బొమ్మకు తెలీదు.

అంకెలు వేయని బొమ్మయితే స్కేలు పెట్టి పాయ మందం కొలవాలి. పాయకు అడ్డంగా, అది తిన్నగా ఉన్న చోట కొలవాలి. వంపు దగ్గర కొలత తప్పుతుంది. మొదటి పాయలన్నీ కలిపి 40 మిల్లీమీటర్లుంటే, 5 మిల్లీమీటర్ల పాయ 12.5 శాతం. పాయ పొడవు లెక్కలోకి రాదు.

సర్కారు లెక్కలకూ ఇదే పద్ధతి. 2024 జులైలో పెట్టిన కేంద్ర బడ్జెట్లో రూపాయికి 21 పైసలు పన్నుల వాటాగా రాష్ట్రాలకని చూపారు. అది నడిమి పద్దే. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం. వాటాలో వాటా కాబట్టి గుణించాలి: 21ని 0.04047తో గుణిస్తే ముప్పాతిక పైసా కంటే కాస్త ఎక్కువ, 0.85 పైసా. ఈ పైసా కూడా మన రాష్ట్ర ఖజానాలో ఆగేది కాదు. అక్కడి నుంచి మళ్లీ పాయలవుతుంది.