గేటు మీటింగులో జీతాల లెక్క

ఫ్యాక్టరీలో జీతాల ఒప్పందం సాధారణంగా మూడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. చర్చలకు కూర్చునేది యాజమాన్యం తరఫున కొందరు, యూనియన్ తరఫున కొందరు. ఆ గదిలో ఏం జరిగిందో మిగతా వందల మందికి తెలిసేది గేటు మీటింగులోనే. షిఫ్టు రెండింటికి మారుతుందంటే ఒకటిన్నరకి లోపలికి వెళ్లేవాళ్లతో ఒకసారి, రెండుంబావుకి బయటికొచ్చేవాళ్లతో మరోసారి మాట్లాడాలి. ఒక్కో మీటింగుకి దొరికేది పదిహేను, ఇరవై నిమిషాలు. కంపెనీ బస్సు హారన్ కొట్టేలోపు చెప్పాల్సింది అయిపోవాలి.

ఆ కాస్త సమయంలో మంచి నాయకుడు ముందుగా లెక్క చెబుతాడు, కోపం సంగతి తర్వాత చూస్తాడు. అలా ఎందుకో తెలియాలంటే ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. పాత ఒప్పందం ముగిసి పది నెలలైంది. ఆరు రౌండ్ల చర్చలు జరిగాయి. యాజమాన్యం చివరికి మూడేళ్లకు ఆరు వేలు పెంచుతామంది. ఆ సాయంత్రానికే షాపులో అందరి నోటా ‘ఆరు వేలు’ అన్న మాటే. మర్నాడు గేటు దగ్గర యూనియన్ కార్యదర్శి మైకు అందుకుంటాడు.

“సోదరులారా, ఆరు వేలు ఇస్తామన్న మాట నిజమే. ఎప్పుడిస్తారో కూడా వినండి. మొదటి ఏడాది మూడు వేలు, రెండో ఏడాది పదిహేను వందలు, మూడో ఏడాది ఇంకో పదిహేను వందలు. అంటే పూర్తి ఆరు వేలు మన చేతికి వచ్చేది మూడో ఏడాదిలోనే. మూడేళ్లలో ఒక్కొక్కరికి మొత్తం అందేది 1,62,000. అదే ఆరు వేలను మొదటి ఏడాది 4,200, తర్వాత తొమ్మిదొందలు, తొమ్మిదొందలు చొప్పున ఇస్తే 1,83,600 వస్తుంది. అంకె అదే ఆరు వేలు, తేడా 21,600. మనం అడుగుతున్నది ముందు ఈ తేడా.”

కార్మికుల భాషలో దీన్నే యాభై–ఇరవై ఐదు–ఇరవై ఐదు అంటారు. పెంపు మొత్తంలో ఏ ఏడాది ఎంత శాతం కలుస్తుందన్నదే ఆ లెక్క. పెద్ద అంకె చూపించి చివరి ఏడాదికి నెట్టేయడం యాజమాన్యానికి తేలిక. అంకె ఒక్కటే పట్టుకుని చప్పట్లు కొడితే ఆ సంగతి కార్మికుడికి తెలిసేది జీతం స్లిప్పు చేతికొచ్చాకే.

రెండో ప్రశ్న, ఆ డబ్బు జీతంలో ఏ భాగంలో కలుస్తుందన్నది. పీఎఫ్, గ్రాట్యుటీ ప్రధానంగా బేసిక్, డీఏల మీదే లెక్కిస్తారు. ఇంటి అద్దె, రవాణా వంటి అలవెన్సుల్లో పెంచితే నెల జీతం పెరిగినట్టే ఉంటుంది కానీ రిటైరయ్యే రోజున చేతికొచ్చేది పెద్దగా పెరగదు. గ్రాట్యుటీకి సర్వీసులో ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం కడతారు, నెలను ఇరవై ఆరు రోజులుగా తీసుకుంటారు. ఆరు వేలలో బేసిక్‌కి పదిహేను వందలే వేయకుండా మూడు వేలు వేయిస్తే, ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషికి గ్రాట్యుటీ ఒక్కదాంట్లోనే సుమారు 17,300 ఎక్కువ వస్తుంది. కొత్త వేతన కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. ఆ సగం లోపల బేసిక్‌కి ఎంత, అలవెన్సులకు ఎంత అన్నది మాత్రం ఇప్పటికీ బేరంలోనే తేలాలి.

మూడోది, కొత్త జీతం ఏ తేదీ నుంచి అమలన్నది. పది నెలల బకాయి నెలకు మూడు వేల చొప్పున 30,000. దాని బదులు ‘ఒకేసారి పది వేలిస్తాం, సంతకం పెట్టండి’ అని యాజమాన్యం అంటే, వదులుకుంటున్న ఇరవై వేల సంగతి గేటు దగ్గర చెప్పి తీరాలి.

ఇక ప్రశ్నల వంతు. గుంపులోంచి ఎవరో అడుగుతారు: “అన్నా, పక్క కంపెనీలో పన్నెండు వేలిచ్చారంట కదా?” అనుభవం లేనివాడైతే ‘మనమూ పన్నెండు వేలు తెస్తాం’ అనేస్తాడు. ఆ మాట మర్నాడు చర్చల బల్ల మీద అతని మెడకే చుట్టుకుంటుంది. అనుభవమున్నవాడు ఇలా అంటాడు: “ఆ ఒప్పందం తెప్పించి చదివాను తమ్ముడూ. పన్నెండు వేలు నాలుగేళ్లకు. దానికి బదులు షిఫ్టుకి ఉత్పత్తి పదిహేను శాతం పెంచాలని రాసుకున్నారు. మన లైన్లో ఆ పదిహేను శాతం ఎవరి నడుం మీద పడుతుందో ముందు మాట్లాడుకుందాం.”

గొంతు పెంచకపోవడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. గేటు మీటింగులో ఇద్దరు శ్రోతలుంటారు. ఒకరు కార్మికులు, రెండోవారు యాజమాన్యం. సెక్యూరిటీ గది దగ్గర ఎవరో ఒకరు వీడియో తీస్తూనే ఉంటారు. చట్టవిరుద్ధమైన సమ్మెకు రెచ్చగొట్టడం దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. ఆవేశంలో ‘రేపటి నుంచే మిషన్లు ఆపేద్దాం’ అన్న ఒక్క మాట చార్జిషీటుకు సరిపోతుంది. అప్పటినుంచి చర్చ జీతం మీద కాక, సస్పెండైన మనుషుల్ని వెనక్కి తెచ్చుకోవడం మీద జరుగుతుంది. గేటుకి ఎంత దూరంలో మీటింగు పెట్టాలో కోర్టు ఉత్తర్వులు ఉన్నచోట అదీ పాటించాలి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో ఈ జాగ్రత్త అవసరం ఇంకా పెరిగింది. అంతకుముందు సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి అన్న నియమం ప్రజోపయోగ సేవలకే ఉండేది. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా నోటీసిచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. నోటీసు అరవై రోజులే చెల్లుతుంది. లేబర్ అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తున్నంతకాలం, అవి ముగిశాక ఏడు రోజుల వరకు సమ్మె చేయకూడదు. సగం మందో అంతకుమించో ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మెగానే లెక్కిస్తారు. అందుకే నాయకుడు “అందరం ఓ రోజు లీవు పెడదాం” అన్న సలహాను అక్కడికక్కడే ఆపి, దానివల్ల వచ్చే చిక్కేమిటో చెప్పాలి.

శాంతంగా మాట్లాడడమంటే మెత్తబడడం కాదు. గట్టిదనం ఎక్కడ ఉండాలో అక్కడ ఉండాలి. “మూడు విషయాల్లో తగ్గేది లేదు. బకాయి పాత ఒప్పందం ముగిసిన తేదీ నుంచే రావాలి. పెంపులో సగం బేసిక్‌లో కలవాలి. ఉత్పత్తి పెంపును కమిటీ పరిశీలించకుండా ఒప్పుకోం. మిగతావాటి మీద మాట్లాడతాం. వచ్చే మంగళవారం ఏడో రౌండు. అక్కడ తేలకపోతే లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్తాం. ఒప్పుకుంటే చేతులెత్తండి.” ఆ ఎత్తిన చేతులు యాజమాన్యానికీ కనిపిస్తాయి. ఏడో రౌండులో యూనియన్ మాటకు బలం అదే.

గేటు మీటింగుల్లో తరచూ దాటవేసే విషయం కాంట్రాక్టు కార్మికులది. అదే గేటులోంచి వచ్చి, అదే మిషన్ దగ్గర నిలబడి వాళ్లూ ఉపన్యాసం వింటారు. ఒప్పందం చాలాసార్లు పర్మినెంటు వాళ్లకే వర్తిస్తుంది. ‘మనందరికీ ఆరు వేలు’ అని వాళ్ల ముందు అనడం అబద్ధం. వాళ్ల కోసం డిమాండ్ల పత్రంలో ఏం రాశారో, ఏం రాయలేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏమీ రాయకపోతే, కంపెనీ లోపలి పనిలో సగం మోస్తున్నవాళ్లను వదిలేసి బేరానికి కూర్చున్నట్టే. సమ్మె దాకా వెళ్తే ఆ బలహీనత మొదటి రోజే బయటపడుతుంది.

సంతకానికి ముందు ఇంకో గేటు మీటింగు పెట్టి, ముసాయిదా మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. అప్పుడు పాత ఉపన్యాసాల్లోని ప్రతి మాటనూ కార్మికులు ఆ కాగితంతో పోల్చి చూస్తారు. ఆరు వేలు ఎప్పుడు, ఎందులో, ఏ తేదీ నుంచి అని మొదటి రోజే విడమర్చి చెప్పిన నాయకుడు ఆ పరీక్షకు నిలబడతాడు. 6,500 దగ్గర ఒప్పందం కుదిరినా, పన్నెండు వేలు ఎందుకు రాలేదని కాక, ఈ 6,500 ఎలా వచ్చిందని అడిగేలా కార్మికుల్ని తయారు చేసినవాడు అతనే.