మూడేళ్ల బడ్జెట్‌లో ఏటా ఎంత పెంచాలి?

ఒక స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లల కోసం సాయంత్రపు చదువు కేంద్రాలు నడపడానికి దాత ముందు మూడేళ్ల బడ్జెట్ పెట్టాలనుకుందాం. ఏప్రిల్‌లో అయిదు కేంద్రాలు మొదలవుతాయి. రెండో ఏడాది అక్టోబరులో మరో మూడు తెరుస్తారు. ఒక్కో కేంద్రానికి నెలకు 10,000 రూపాయల జీతంతో ఒక ఉపాధ్యాయురాలు, 3,000 అద్దెకు ఒక గది, ఏడాదికి 20,000 విలువైన పుస్తకాలు, సామగ్రి కావాలి. కొత్త కేంద్రం తెరిచినప్పుడు చాపలకు, బోర్డుకు, దీపాలకు ఒక్కసారి 30,000 ఖర్చవుతుంది. అన్నింటినీ చూసుకునే సమన్వయకర్త జీతం నెలకు 25,000. ఇవన్నీ కలిపితే మొదటి ఏడాది ఖర్చు 13,30,000 రూపాయలు.

ఇక్కడ చాలామంది చేసేది ఈ మొత్తానికి ఏటా 5 శాతం కలుపుకుంటూ పోవడం. అలా చేస్తే మూడేళ్లకు దాదాపు 41,93,000 వస్తుంది. చూడటానికి సక్రమంగానే ఉంటుంది కానీ ఇందులో మూడు తప్పులు దాగున్నాయి. పెరిగే కేంద్రాలకు లెక్కే లేదు. ఒక్కసారి కొనే చాపలు, బోర్డులు ఏటా మళ్లీ ఖర్చులోకి వచ్చాయి. జీతం, అద్దె, పుస్తకాలు మూడూ ఒకే వేగంతో పెరుగుతాయని అనుకున్నారు. ఎవరి బడ్జెట్ పట్టికలోనైనా ప్రతి వరుసా ఒకే శాతంతో పెరిగి కనిపిస్తే, పని గురించి ఆలోచించకుండా రాశారని అర్థం.

సరైన పద్ధతిలో ముందు ధరల్ని పక్కన పెట్టి పనిని కొలవాలి. ఈ పనికి అనువైన కొలత ‘కేంద్రం-నెల’, అంటే ఒక కేంద్రం ఒక నెల నడవడం. మొదటి ఏడాది అయిదు కేంద్రాలు పన్నెండు నెలలు నడిస్తే 60. రెండో ఏడాది పాతవాటి 60కి, కొత్త మూడు కేంద్రాల ఆరేసి నెలలు కలిపితే 78. మూడో ఏడాది ఎనిమిది కేంద్రాలూ ఏడాది పొడవునా నడుస్తాయి కాబట్టి 96. ధరలు ఒక్క పైసా పెరగకపోయినా మూడో ఏడాది ఖర్చు 17,08,000 అవుతుంది. ఇదంతా పని పెరగడం వల్ల వచ్చిన పెంపే.

ఆ తర్వాతే ధరలు. జీతాలకు ఏటా 8 శాతం, మిగతావాటికి 5 శాతం అనుకుందాం. ద్రవ్యోల్బణానికి రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం సడలింపు. 2022-23లో సగటున 6.7 శాతానికి చేరింది కాబట్టి 5 శాతం మరీ ఎక్కువేమీ కాదు. జీతానికి 8 శాతం ఇచ్చాక దానిపై ద్రవ్యోల్బణం వేరుగా కలపకూడదు, ఆ 8లోనే అది ఉంది. పెంపు ముందు ఏడాది జీతం మీద వేయాలి. అప్పుడు 10,000 కాస్తా 10,800, తర్వాత 11,664 అవుతుంది. పీఎఫ్‌లో సంస్థ వాటా ఉంటే దాన్ని జీతంలో శాతంగానే రాయాలి. మొదటి ఏడాది అంకెనే దించుకుంటే ఏటా లోటు పడుతుంది. అద్దె మాత్రం ఊహించనక్కర్లేదు, ఒప్పంద పత్రంలో ఏటా ఎంత పెంచాలో రాసుకున్నది చూస్తే చాలు.

ఇలా లెక్కిస్తే రెండో ఏడాది 16,43,100, మూడో ఏడాది 19,63,584 వస్తాయి. మూడేళ్ల మొత్తం 49,36,684. ఒకే శాతం వేసిన లెక్కకూ దీనికీ తేడా దాదాపు 7,44,000. ఆ లెక్కనే దాత ఆమోదించి ఉంటే మూడో ఏడాది మధ్యలో జీతాలకు డబ్బు చాలేది కాదు. అప్పుడు మొదట కోత పడేది ఉపాధ్యాయుల పెంపు మీదే, వాళ్లు వెళ్లిపోతే పిల్లలూ రావడం మానేస్తారు.

పెంపు శాతాలు, వాటికి ఆధారాలు, కొత్త కేంద్రాలు తెరిచే నెలలు ఒక పేజీలో రాసి బడ్జెట్‌కు జతచేయాలి. ఏడాది ముగిశాక అసలు ఖర్చుతో పోల్చి, మిగిలిన ఏళ్ల అంకెలు మళ్లీ రాయాలి. జూలైలో జీతాలు పెంచే సంస్థ అయితే ఆ ఏడాదికి తొమ్మిది నెలల పెంపే లెక్కలోకి రావాలి. శాతం ఒక మెట్టు పెరిగితే ఏమవుతుందో కూడా ముందే లెక్కగట్టి ఉంచుకోవాలి.

దాత మూడు లక్షలు తగ్గించమంటే, పనినీ ధరనూ విడదీసి ఉంచిన పట్టికలో జవాబు వెంటనే దొరుకుతుంది. కొత్త కేంద్రాలు మూడుకు బదులు రెండే తెరిస్తే రెండేళ్లలో దాదాపు 3,27,000 మిగులుతుంది. ఎవరి జీతమూ తగ్గించనక్కర్లేదు.