అర శాతమా, 50 బేసిస్ పాయింట్లా?

2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 6 శాతం నుంచి 5.5కు దించింది. వార్తల్లో మాత్రం ‘50 బేసిస్ పాయింట్ల కోత’ అని వచ్చింది. ఒక శాతాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒకటి బేసిస్ పాయింటు.

‘అర శాతం తగ్గింది’ అంటే సరిపోదా? ఆరులో అర శాతం అంటే 0.03 మాత్రమే. అలా లెక్కిస్తే కొత్త రేటు 5.97 అవుతుంది. బేసిస్ పాయింట్లలో చెబితే ఆ తికమక ఉండదు.

ఇరవై ఏళ్ల గడువుతో 30 లక్షల గృహరుణం ఉందనుకుందాం. వడ్డీ 9 శాతమైతే నెల వాయిదా సుమారు 26,992 రూపాయలు. 50 పాయింట్లు తగ్గి 8.5 అయితే 26,035. అంటే నెలకు 957 రూపాయలు మిగులు. అయితే రెపోతో ముడిపడిన రుణాల్లోనూ రేటు వెంటనే మారకపోవచ్చు. మూడు నెలలకోసారైనా సవరించాలన్నది నిబంధన. స్థిర వడ్డీ రుణాలకు ఈ కోత వర్తించదు.

బాండ్లలో లెక్క తిరగబడుతుంది. ఏటా 7 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండు ధర వంద రూపాయలనుకుంటే, మార్కెట్లో రాబడి 50 పాయింట్లు పెరగగానే ఆ ధర సుమారు 96.50కి పడిపోతుంది. కొత్త బాండ్లు 7.5 ఇస్తుంటే, పాతదాన్ని తగ్గింపు లేకుండా ఎవరూ కొనరు.