30 చుట్లు ఎటు పోయాయి?

ఫ్యాక్టరీలో బ్లోవర్‌కో, రైసు మిల్లులో ఎలివేటర్‌కో బిగించిన మోటార్ నేమ్ ప్లేట్ మీద దుమ్ము తుడిచి చదవండి. 15 కిలోవాట్లు, అంటే మన వాడుకలో 20 హెచ్‌పీ. 415 వోల్టులు, 50 హెర్ట్జ్. స్పీడ్ దగ్గర మాత్రం 1470 ఆర్‌పీఎం అనో, దానికి కాస్త అటూ ఇటూగానో ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ల మోటార్ లెక్క ప్రకారం నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. మిగతా 30 చుట్లు ఎటు పోయాయి?

అవి వేడిగా మారిపోయాయి. సింక్రొనస్ రిలక్టెన్స్ మోటార్ కథంతా ఆ 30 చుట్ల దగ్గరే మొదలవుతుంది.

మామూలు ఇండక్షన్ మోటార్‌లో బయటి భాగం స్టేటర్. దాని గాడుల్లో రాగి వైండింగ్ ఉంటుంది. మూడు ఫేజుల కరెంటు ఇవ్వగానే లోపల ఒక అయస్కాంత క్షేత్రం పుట్టి 1500 చుట్ల వేగంతో గిర్రున తిరుగుతుంది. మధ్యలో ఉండే రోటార్‌లో అల్యూమినియం కడ్డీలు ఉంటాయి. వాటి రెండు కొసలనూ రింగులతో కలిపేస్తారు. మెకానిక్‌లు స్క్విరల్ కేజ్ అనేది దీన్నే. తిరిగే క్షేత్రం ఈ కడ్డీలను దాటుకుంటూ పోతే వాటిలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు వల్లే రోటార్‌కు తిరిగే బలం వస్తుంది. అయితే రోటార్ కూడా సరిగ్గా 1500 చుట్లు తిరిగిందనుకోండి, క్షేత్రం దాన్ని దాటిపోయేదే ఉండదు. కడ్డీల్లో కరెంటు పుట్టదు, బలమూ రాదు. కాబట్టి రోటార్ ఎప్పుడూ కొంత వెనకబడి ఉండాల్సిందే. ఈ వెనకబాటు పేరే స్లిప్. 1500లో 30 అంటే రెండు శాతం.

ఇది వేగం దగ్గరే ఆగే విషయం కాదు. స్టేటర్ నుంచి గాలి సందు దాటి రోటార్‌కు చేరే శక్తిలో స్లిప్ ఎంత శాతమో, సరిగ్గా అంత శాతం రోటార్ కడ్డీల్లో వేడైపోతుంది. డిజైన్ ఎంత బాగున్నా ఈ సూత్రం మారదు. మన 15 కిలోవాట్ల మోటార్‌లో పూర్తి లోడు మీద సందు దాటేది సుమారు 15.4 కిలోవాట్లు. అందులో రెండు శాతమంటే దాదాపు 310 వాట్లు. షాఫ్టు చుట్టూ మూడు పాతకాలపు వంద వాట్ల బల్బులు పొద్దస్తమానం వెలుగుతున్నట్టు లెక్క. అదీ మోటార్ నడిబొడ్డున, గాలి తగలని చోట. ఆ వేడి షాఫ్టు వెంట బేరింగుల్లోకి పాకి గ్రీజును పాడు చేస్తుంది.

కడ్డీలే తీసేస్తే? కడ్డీలు లేకుండా రోటార్‌ను తిప్పడం ఎలాగన్నది అసలు ప్రశ్న.

ఒక ఇనుప మేకుకు నడుమ దారం కట్టి, రెండు అయస్కాంతాల మధ్య వేలాడదీయండి. అది అటూ ఇటూ ఊగి, చివరికి తన పొడవు ఒక ధ్రువం నుంచి రెండో ధ్రువం వైపు ఉండేలా తిరిగి నిలబడుతుంది. మేకులో వైండింగ్ లేదు, అది శాశ్వత అయస్కాంతమూ కాదు. అయినా తిరిగింది. అయస్కాంత రేఖలకు గాలిలో కంటే ఇనుములో నడవడం ఎన్నో రెట్లు తేలిక. మేకు నిలువునా ఉంటే వాటికి పొడవాటి ఇనుప దారి దొరుకుతుంది, అడ్డంగా ఉంటే గాలే ఎక్కువ తగులుతుంది. అయస్కాంత రేఖల దారిలో ఎదురయ్యే ఈ అడ్డంకినే రిలక్టెన్స్ అంటారు. అది తక్కువయ్యే వైపుకు ఇనుము తనంతట తానే తిరుగుతుంది. ఇప్పుడా అయస్కాంతాలను మేకు చుట్టూ తిప్పితే మేకూ వాటి వెంటే, అదే వేగంతో, ఒక చిన్న కోణం వెనక ఉంటూ తిరుగుతుంది. వెనక ఉండేది కోణంలోనే గాని వేగంలో కాదు. అంటే స్లిప్ సున్నా, 1500కు 1500.

మోటార్‌లో ఆ మేకు స్థానంలో పలుచని సిలికాన్ స్టీల్ రేకులను వందలకొద్దీ పేర్చి చేసిన గుండ్రటి దిమ్మ ఉంటుంది. ఒక్క రేకును చేతిలోకి తీసుకుని చూస్తే దాని పనితనం తెలుస్తుంది. ఒక్కో పోలు దగ్గర విల్లు ఆకారంలో వంగిన చీలికలు ఒకదాని వెనక ఒకటి మూడు నాలుగు కోసి ఉంటాయి. చీలికలో ఉన్నది గాలి. రెండు చీలికల మధ్య మిగిలిన స్టీలు పట్టీ అయస్కాంత రేఖలకు రహదారి. ఆ పట్టీల వెంట పోయే రేఖలకు ఏ అడ్డూ ఉండదు, వాటికి అడ్డంగా దాటబోయిన రేఖలకు అడుగడుగునా గాలి గోడ తగులుతుంది. సులువైన దిక్కుకూ కష్టమైన దిక్కుకూ తేడా ఎంత పెరిగితే మోటార్ బలం అంత పెరుగుతుంది. మంచి డిజైన్లలో ఈ నిష్పత్తి ఆరేడు రెట్లు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ ఉంటుంది.

చీలికలు పూర్తిగా కోసేస్తే రోటార్ ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. అందుకే వాటి కొసల్లో సన్నటి స్టీలు వంతెనలు వదులుతారు. డిజైనర్‌కు నిద్ర పట్టనివ్వనివి ఇవే. వంతెన మందమైతే అయస్కాంత రేఖలు దానిలోంచి అడ్డదారి పట్టి బలం తగ్గిపోతుంది. మరీ సన్నగా ఉంటే వేగం పెరిగినప్పుడు అపకేంద్ర బలానికి తెగుతుంది. చీలికల స్థానాలు స్టేటర్ గాడులకు తగ్గట్టు లేకపోయినా తంటాయే. తిరిగే బలం ఒకేలా రాక కుదుపులుగా వస్తుంది, మోటార్ మోత పెడుతుంది.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. జె.కె. కోస్ట్‌కో ఇలా చీలికలు పెట్టిన రోటార్‌ను 1923లోనే అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల పత్రికలో వివరించాడు. మరి ఇన్నాళ్లూ ఎందుకు మూల పడింది? ఈ మోటార్‌ను నేరుగా త్రీఫేజ్ లైనుకు కలిపితే తిరగదు. స్విచ్ వేయగానే క్షేత్రం 1500 వేగంతో పరుగు తీస్తుంది, నిలబడి ఉన్న బరువైన రోటార్ దాన్ని అందుకోలేదు. ఒక క్షణం ముందుకూ మరుక్షణం వెనక్కూ లాగుడు పడి, వణుకుతూ, గుయ్యిమంటూ, విపరీతంగా ఆంపియర్లు లాగుతుంది. అందుకని పాతరోజుల్లో స్టార్టింగ్ కోసం రోటార్‌లో కేజ్ కూడా ఇరికించేవారు. కృత్రిమ దారం తీసే మిల్లుల్లో మోటార్లన్నీ కచ్చితంగా ఒకే వేగంతో తిరగాలి గనక అలాంటివి అక్కడ నడిచాయి. కేజ్‌కు చోటిస్తే చీలికలకు చోటు తగ్గుతుంది. దాంతో సామర్థ్యం సోసోగానే ఉండేది.

పరిస్థితిని మార్చింది డ్రైవ్. కరెంటు ఫ్రీక్వెన్సీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, రోటార్ ఏ కోణంలో ఉందో కనిపెట్టి దానికి తగ్గట్టు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె అది. ఆ కోణం కోసం షాఫ్టుకు సెన్సర్ కూడా అక్కర్లేదు, వైండింగ్‌లో వోల్టేజీ, కరెంటులను కొలిచి లెక్క కట్టేస్తుంది. ఇలాంటి డ్రైవులు చవకయ్యాక 2011లో ఏబీబీ కంపెనీ మోటార్‌నూ డ్రైవ్‌నూ జతగా మార్కెట్లోకి తెచ్చింది.

ఇక లెక్కలోకి వద్దాం. అంతర్జాతీయ ప్రమాణంలో 15 కిలోవాట్ల నాలుగు పోళ్ల మోటార్ ఐఈ3 తరగతికి చెందాలంటే సామర్థ్యం 92.1 శాతం ఉండాలి, ఐఈ4కు 93.9 శాతం. మొదటిది 16.29 కిలోవాట్లు తీసుకుని 15 ఇస్తుంది, రెండోది 15.97 తీసుకుంటుంది. రెండింటికీ తేడా దాదాపు 310 వాట్లు. ఇందాక రోటార్ కడ్డీల్లో కాలిపోయిందన్నది కూడా ఇంతే. ఇండక్షన్ మోటార్‌ను ఒక మెట్టు పైకి ఎక్కించాలంటే రాగి పెంచాలి, మంచి స్టీలు వాడాలి, కొన్నిసార్లు ఫ్రేమే పెద్దది చేయాలి. ఇక్కడ కేజ్ తీసేయగానే ఆ మెట్టుకు సరిపడా నష్టం తగ్గుతుంది.

కానీ అదంతా లాభంగా మిగలదు. క్షేత్రాన్ని పుట్టించే భారం మొత్తం స్టేటర్ కరెంటు మీదే పడుతుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ తగ్గుతుంది. ఇందాకటి నిష్పత్తి ఏడు అనుకుంటే, అందులోంచి ఒకటి తీసి, ఒకటి కలిపిన సంఖ్యతో భాగించండి. ఆరు బై ఎనిమిది, అంటే 0.75. ఆదర్శ మోటార్‌లో కూడా దీన్ని దాటలేం. అదే సైజు ఇండక్షన్ మోటార్‌లో 0.85 దాకా వస్తుంది. ఇండక్షన్ మోటార్ 27 ఆంపియర్లు లాగేచోట ఇది 30 దాకా లాగుతుంది, స్టేటర్ రాగిలో నష్టం పెరుగుతుంది. రోటార్ చల్లగా ఉండడం వల్ల స్టేటర్ కూడా చల్లబడి రాగి నిరోధం కొంత తగ్గుతుంది గనక కొంత సర్దుకుంటుంది. ఈ తక్కువ పవర్ ఫ్యాక్టర్ డ్రైవ్‌కూ మోటార్‌కూ మధ్యనే ఉండిపోతుంది, కరెంటు మీటరు దాకా రాదు. డ్రైవ్ మాత్రం ఒక సైజు పెద్దది కొనాల్సి రావచ్చు.

డ్రైవ్ కూడా కరెంటు తింటుందన్న మాట అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు. రెండు మూడు శాతం దానిలోనే పోతుంది. మన మోటార్ విషయంలో అది 300 నుంచి 450 వాట్లు. కేజ్ తీసి మిగిల్చుకున్నది మొత్తం అక్కడే హరించుకుపోతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వేగంతో, పూర్తి లోడు మీద తిరిగే మోటార్‌ను తీసి దీన్ని పెడితే బిల్లులో పైసా మిగలకపోవచ్చు. ఫ్యాను, పంపు, కంప్రెసర్ లాంటి చోట్ల సంగతి వేరు. గాలి సగం చాలినప్పుడు ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే దానికి కావాల్సిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే అక్కడ ఏ మోటార్‌కైనా డ్రైవ్ పెడతారు. డ్రైవ్ ఖర్చూ నష్టమూ ఎలాగూ ఉన్నవే గనక కేజ్ లేని రోటార్ తెచ్చిన లాభం చేతికి దక్కుతుంది. అలాంటి చోట ఏడాదికి 6,000 గంటలు నడిస్తే, సగటున 200 వాట్లు మిగిలినా 1,200 యూనిట్లు.

పెట్టుకున్నాక జాగ్రత్త పడాల్సింది బైపాస్ విషయంలో. డ్రైవ్ చెడిపోతే పని ఆగకుండా మోటార్‌ను నేరుగా లైనుకు కలిపేయడం మన ప్లాంట్లలో అలవాటే. ఇండక్షన్ మోటార్ దాన్ని తట్టుకుంటుంది, ఇది ఒక్క చుట్టు కూడా తిరగకుండా ఫ్యూజులు లేపేస్తుంది. డ్రైవ్ ఏదో ఒకటి తగిలించినా కుదరదు. ఈ రకం మోటార్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అందులో ఉండాలి, బిగించగానే మోటార్ విలువలను కొలిచే పరీక్ష ఒకసారి నడపాలి. అది చేయకపోతే లోడు పడగానే వేగం ఊగిసలాడి, మోత పెరిగి, డ్రైవ్ ట్రిప్ అవుతుంది.

రిపేరుకు భయపడక్కర్లేదు. స్టేటర్ వైండింగ్ ఇండక్షన్ మోటార్‌ది ఎలాంటిదో ఇదీ అలాంటిదే, ఊళ్లో రీవైండింగ్ షాపువాళ్లు పాత చుట్ల లెక్క చూసుకుని చుట్టేయగలరు. రోటార్‌లో విరగడానికి కడ్డీలు లేవు. శాశ్వత అయస్కాంతాల మోటార్‌లా విప్పేటప్పుడు రోటార్ స్టేటర్‌కు అతుక్కుపోదు, చేత్తో తిప్పినా టెర్మినళ్ల దగ్గర షాక్ కొట్టదు. అరుదైన ఖనిజాలతో చేసే ఆ అయస్కాంతాల ఊసే లేదు గనక, 2025 ఏప్రిల్లో చైనా కొన్ని అరుదైన ఖనిజాల ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఈ మోటార్ల తయారీకి అటునుంచి ఇబ్బంది లేదు.

మన పొలాల్లో స్టార్టర్ పెట్టె మీద నేరుగా నడిచే బోరు మోటార్లకు మాత్రం ఇది ఇప్పట్లో పనికిరాదు. సోలార్ పంపుల దారి వేరు. ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే కంట్రోలర్ అక్కడ ఎలాగూ ఉంటుంది, దానికి ఈ మోటార్‌ను నడపడం నేర్పితే చాలు.