మూడు సిలిండర్లా, నాలుగా?

సెకండ్‌హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే వెంట వచ్చే బాబాయో బావగారో తప్పకుండా అనే మాట ఒకటుంది: “మూడు సిలిండర్లది వద్దు, తొందరగా బోర్‌కి వస్తుంది.” వాళ్ళు మారుతి 800ను మర్చిపోయినట్టున్నారు. 1983లో మొదలై 2014 దాకా తయారైన ఆ బండిది మూడు సిలిండర్ల ఇంజనే.

ఈ పేచీ తేల్చుకోవడానికి 2019లో వచ్చిన వ్యాగన్ఆర్ బాగా పనికొస్తుంది. ఒకే బాడీలో రెండు ఇంజన్లూ ఇచ్చారు: 998 సీసీ మూడు సిలిండర్లది, 1197 సీసీ నాలుగు సిలిండర్లది. రెండూ మారుతి కె-సిరీస్‌వే. రెండింటిలోనూ సిలిండర్ వెడల్పు 73 మిల్లీమీటర్లే, టైమింగ్‌కు రెండింటికీ చైనే. తేడా అంతా పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరంలో ఉంది. చిన్న ఇంజన్‌లో అది 79.5 మిల్లీమీటర్లు, పెద్దదాంట్లో 71.5. అంటే ఒకే ఆర్‌పీఎం దగ్గర చిన్న ఇంజన్ పిస్టనే ఎక్కువ దూరం రుద్దుకుంటూ తిరుగుతుంది. నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని ఘాట్‌రోడ్డు ఎక్కితే దాన్ని మరింత గట్టిగా తొక్కాలి కూడా. లెక్క ప్రకారం అరుగుదల దానికే ఎక్కువ. కానీ ఆయిల్ వేళకు మార్చారా లేదా అన్నదాని ముందు ఈ తేడా లెక్కలోకి రాదు. పది వేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ను ఇరవై వేలు లాగిస్తే నాలుగు సిలిండర్లైనా కాపాడవు.

మరి ఆ వణుకు సంగతి? నాలుగు సిలిండర్ల ఇంజన్ రెండు చుట్లు తిరిగేలోపు నాలుగుసార్లు మండుతుంది, ఇది మూడుసార్లే. పైగా మూడు పిస్టన్లు పైకీ కిందికీ పోతుంటే ఇంజన్ ఆ చివరా ఈ చివరా ఊగుతుంది. ఐడిల్‌లో సీటు కింద తెలిసేది అదే. అది ఇంజన్ లోపలి భాగాలను తినదు, కింద ఉన్న మౌంటింగుల రబ్బరును తింటుంది. మౌంటింగులు మార్చడం పెద్ద పనేం కాదు. ఆ వణుకు చాటున మిస్సింగ్ దాక్కుంటేనే చిక్కు.

రెండింటినీ విడదీయడం ఇలా. ఏసీ ఆన్ చేసి ఐడిల్‌లో ఉంచండి. స్టీరింగ్ వణుకుతుంటే ఆక్సిలరేటర్ కొంచెం తొక్కి 1500 దాటించండి. వణుకు సర్దుకుంటే అనుమానం మౌంటింగుల మీద. అప్పుడు బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ నొక్కి పట్టి, ఒకరు ఫస్ట్ గేర్‌లో క్లచ్ రవ్వంత వదలాలి, తర్వాత రివర్స్‌లో. మీరు బండికి పక్కగా నిలబడి చూడండి, ముందు వద్దు. ఇంజన్ ఎగిరి పడుతుంటే మౌంటింగ్ పోయినట్టే.

తొక్కినా లయ తప్పి దగ్గుతుంటే, పికప్ లేకపోతే అది మిస్సింగ్. మూడింట్లో ఒకటి మండకపోతే మూడోవంతు శక్తి పోతుంది కాబట్టి దాచడం కష్టం. స్కానర్ పెడితే P0302 వచ్చిందనుకుందాం, అంటే రెండో సిలిండర్. దాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ దీనికి పెట్టించి, కోడ్ చెరిపి, ఓ రౌండ్ తిప్పి రండి. ఈసారి P0303 వస్తే పోయింది కాయిలే, బేరం ఆడుకోవచ్చు. P0302 కదలకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. అవీ బాగుంటే కంప్రెషన్ కొలిపించండి. ఆ ఒక్క సిలిండర్‌లో మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే ఆ బండి వదిలేయడమే మేలు.

మూడు సిలిండర్లకు చెడ్డపేరు రావడానికి ఇంకో కారణం ఉంది. యూరప్‌లో ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 ప్యూర్‌టెక్ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూ తిరిగేది. బెల్టు చిట్లి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడి, లోపలికి ఆయిల్ అందక ఇంజన్లు పాడయ్యాయి. తప్పు బెల్టుది, నింద సిలిండర్ల లెక్కకు పడింది.

మన దగ్గర ఆ పాత్ర ట్యాక్సీది. వ్యాగన్ఆర్‌లో కంపెనీ సీఎన్జీ ఇచ్చింది చిన్న ఇంజన్‌తోనే. కాబట్టి రోజంతా తిరిగి, మీటర్ వెనక్కి తిప్పించుకుని బజారుకొచ్చే బండి 1.0 అయ్యే అవకాశమే ఎక్కువ. ఆర్సీలో ఇంధనం గడి చూడండి, డిక్కీలో సిలిండర్ బిగించిన బోల్టు రంధ్రాలు వెతకండి, షోరూం సర్వీస్ రికార్డులోని కిలోమీటర్లను మీటర్‌తో పోల్చండి.

ఇవన్నీ సరిపోయిన 1.0 ఊళ్ళో తిరుగుడికి ధీమాగా కొనొచ్చు, ప్లగ్గులూ కాయిళ్ళూ ఒక్కోటి తక్కువే. నెలనెలా కుటుంబమంతా హైవే ఎక్కే ఇల్లయితే నా ఓటు 1.2కే, అదీ ఆయిల్ మార్పించిన బిల్లులు చేతికిస్తేనే.