నిర్ణయం మొదటి వాక్యంలోనే

పెద్ద మేనేజర్లు చాలామంది మెయిల్‌ని మాట్లాడినట్టే రాస్తారు. రాస్తూ రాస్తూ ఆలోచిస్తారు కాబట్టి అసలు నిర్ణయం చివరికెప్పుడో తేలుతుంది. దాన్ని టీమ్‌కి పంపే బాధ్యత టీమ్ లీడ్‌ది. అమెరికా సైన్యం తన ఉత్తరప్రత్యుత్తరాల్లో ముఖ్య విషయం ముందే చెప్పాలన్న నియమం పెట్టుకుంది. ఆఫీసులోనూ ఆ పద్ధతే పనికొస్తుంది.

ఇలాంటి మెయిల్ ఒకటి వచ్చిందనుకుందాం: “శుక్రవారం రిలీజ్ గురించే ఆలోచిస్తున్నా. పోయినసారి హడావిడి పడి ఇబ్బందిపడ్డాం కదా. పొద్దున క్లయింట్‌తో మాట్లాడాను, వాళ్లకేం తొందర లేదన్నారు. టెస్టింగ్ వాళ్లూ బాగా అలిసిపోయారు. అందుకని సోమవారానికి జరుపుదాం. అయితే పేమెంట్ టెస్టింగ్ శనివారం సాయంత్రానికి అయిపోవాలి, లేదంటే సోమవారం కూడా వద్దు. సపోర్ట్ షిఫ్టులు మార్చాలేమో, చూద్దాం.”

ముందు ‘అందుకని’, ‘అయితే’, ‘చూద్దాం’ లాంటి మాటల దగ్గర ఆగాలి. ‘అందుకని’ తర్వాత నిర్ణయం ఉంది, ‘అయితే’ తర్వాత షరతు ఉంది. ‘చూద్దాం’ అన్నది ఇంకా తేలని సంగతి. ఈ మూడింటినీ విడదీస్తే మెయిల్ ఇలా తయారవుతుంది:

సబ్జెక్ట్: రిలీజ్ 14 శుక్రవారం నుంచి 17 సోమవారానికి వాయిదా

“రిలీజ్‌ని 17 సోమవారానికి వాయిదా వేశాం. పేమెంట్ టెస్టింగ్ 15 శనివారం సాయంత్రానికి పూర్తికాకపోతే సోమవారం కూడా రిలీజ్ ఉండదు. సపోర్ట్ షిఫ్టుల మార్పుపై ఇంకా నిర్ణయం కాలేదు.”

పోయినసారి సంగతి, టెస్టింగ్ వాళ్ల అలసట ఇందులో లేవు. అవి మేనేజర్ తన లీడ్‌తో చెప్పుకున్న మాటలు. పదిమందికీ వెళ్తే నొచ్చుకునేవాళ్లుంటారు.

పొరపాట్లు ఎక్కువగా షరతు దగ్గరే జరుగుతాయి. కుదించే తొందరలో శనివారం గడువు ఎగిరిపోతే, టెస్టింగ్ అయినా కాకున్నా సోమవారం రిలీజ్ ఖాయమని టీమ్ అనుకుంటుంది. ఉన్నదాన్ని వదిలేయడం ఎంత తప్పో, లేనిదాన్ని చేర్చడమూ అంతే తప్పు. ‘తొందర లేదు’ అన్న మాటని ‘క్లయింట్ ఒప్పుకున్నారు’ అని రాయకూడదు. ‘సాయంత్రం’ అంటే 5 గంటలా, 8 గంటలా అన్నది మనం ఊహించకూడదు. “సార్, శనివారం ఎన్ని గంటల్లోపు?” అని అడిగి, ఆ జవాబుతో మెయిల్ పూర్తిచేసి, ఆయన సరేనన్నాకే టీమ్‌కి పంపాలి.

పంపేముందు మొదటి రెండు వాక్యాలే చదివి చూడండి. ఫోన్‌లో చాలామంది చూసేది అంతవరకే. టెస్టింగ్ చేసేవాళ్లకి తమ గడువు అందులోనే కనిపించాలి. కనిపించకపోతే మెయిల్ ఎంత చిన్నదైనా తిరగరాయాల్సిందే.

ఒకరి ఉద్యోగం, జీతం, పనితీరు గురించిన మెయిల్‌ని మాత్రం ఇలా కుదించొద్దు. అక్కడ కారణం కూడా నిర్ణయంలో భాగమే. దాన్ని తీసేస్తే చదివేవాళ్లకి మిగిలేది ఆజ్ఞ ఒక్కటే.